డాబా మీద సోలార్: బిల్లు చెప్పే విశేషాలు

విజయవాడ చుట్టుపక్కల డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం మా పని. ఎవరింటికి వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "నెలకు ఎంత మిగులుతుందండీ?" దానికి జవాబు డాబా మీద దొరకదు. పాత కరెంటు బిల్లుల్లో దొరుకుతుంది. అందుకే ఈ విశేషాలు అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ఒకే కరెంటు, మూడు రకాల ఆదా

ఒకే డాబా మీద, ఒకే ఎండలో, ఒకే రకం ప్యానెళ్లు పెట్టినా మొదటి కిలోవాట్ మిగిల్చే డబ్బు వేరు, మూడో కిలోవాట్ మిగిల్చే డబ్బు వేరు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కారణం మన స్లాబులు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. అక్కడి నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా ఒక్కసారిగా 8.75కి ఎక్కుతుంది. 400 దాటితే 9.75. సోలార్ కరెంటు మీ వాడకాన్ని పైనుంచి కోసుకుంటూ వస్తుంది. అంటే అన్నిటికంటే ఖరీదైన యూనిట్లే ముందు మాయమవుతాయి.

నెలకు సగటున 400 యూనిట్లు కాలే ఇల్లు తీసుకుందాం. రెండు పడక గదులు, ఒక ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు ఉన్న మామూలు ఇల్లే. దాని ఎనర్జీ ఛార్జీ స్లాబుల వారీగా కూడితే 2,548 రూపాయలు వస్తుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మన ప్రాంతంలో నీడ లేని డాబా మీద ఒక కిలోవాట్ ఏడాది సగటున నెలకు సుమారు 115 యూనిట్లు ఇస్తుందని లెక్క వేసుకోవచ్చు. మొదటి కిలోవాట్ పెట్టగానే 400 కాస్తా 285 అవుతుంది. తగ్గిన 115 యూనిట్లూ 8.75 ధరవే కాబట్టి మిగిలేది 1,006 రూపాయలు. రెండో కిలోవాట్ వాడకాన్ని 285 నుంచి 170కి దించుతుంది. ఇందులో 60 యూనిట్లే పై స్లాబువి, మిగతా 55 ఆరు రూపాయలవి. ఆదా 855. మూడో కిలోవాట్ 170ని 55కి తెస్తుంది. ఈసారి కరిగేవి ఆరు రూపాయలు, నాలుగున్నర, మూడు రూపాయల యూనిట్లు. ఆదా 555 మాత్రమే.

మూడూ కలిపితే నెలకు 2,416 రూపాయలు. మంచి మొత్తమే. అయితే నాలుగో కిలోవాట్ పెడితే? మిగిలిన 55 యూనిట్ల విలువ 132 రూపాయలు. అది పోగా మిగతా ఉత్పత్తి గ్రిడ్‌కు వెళ్తుంది. అలా మిగులుగా పోయిన యూనిట్‌కు మీరు కట్టే 8.75 రాదు, అంతకంటే చాలా తక్కువ ధర కడతారు. కాబట్టి ఈ ఇంటికి మూడుతో ఆపాలి. డాబా పెద్దది కదా అని ఐదు కిలోవాట్లు అమ్మజూపేవారు కనిపిస్తే, ఆ నాలుగో, ఐదో కిలోవాట్ నెలకు ఎంత మిగులుస్తుందో విడిగా రాసిమ్మని అడగండి.

హైదరాబాద్‌లో ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు

తెలంగాణలో లెక్క వేరేలా నడుస్తుంది. అక్కడ నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200 కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయిందో, మొదటి 200 యూనిట్లకూ ధర 5.10కి మారిపోతుంది, ఆ చివరి యూనిట్‌కు 7.70 పడుతుంది. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ తేడాకు 207 రూపాయల 70 పైసలు.

అందువల్ల హైదరాబాద్‌లో నెలకు 250, 280 యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాట్ చిన్న సిస్టమ్ కూడా బాగా పనికొస్తుంది. బిల్లు నికర యూనిట్ల మీదే పడుతుంది కాబట్టి ఆ 200 గీత కిందికి దిగడంలోనే అసలు లాభం ఉంది. అదే గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడుతూ జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికైతే సోలార్‌తో మిగిలేది ఏమీ లేదు. అలాంటి వారికి పెట్టించుకోవద్దనే చెప్పాలి.

345 యూనిట్లు పుట్టి, మీటరులో 210 కనిపిస్తే

సోలార్ పెట్టిన మొదటి నెలలో మాకు తప్పకుండా వచ్చే ఫోన్ ఇది: "ఇన్వర్టర్‌లో 345 చూపిస్తోంది, కరెంటు వాళ్ల మీటరులో ఎక్స్‌పోర్ట్ 210 అని ఉంది. మిగతా 135 ఎవరు తినేశారు?"

ఎవరూ తినలేదు, మీ ఇల్లే వాడుకుంది. పగలు ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు నడిచినప్పుడు ప్యానెళ్ల కరెంటు నేరుగా వాటికే వెళ్తుంది. అది నెట్ మీటరు దాకా రాదు, కాబట్టి మీటరుకు దాని సంగతే తెలియదు. ఇంటికి పోను మిగిలిందే మీటరు గుండా బయటికి వెళ్తుంది. దాన్నే ఎక్స్‌పోర్ట్ అంటారు. రాత్రి, మబ్బు పట్టినప్పుడు బయటి నుంచి లోపలికి వచ్చేది ఇంపోర్ట్.

మన 400 యూనిట్ల ఇంటినే చూడండి. పగలు నేరుగా వాడుకున్నది 135. రాత్రిపూట ఇంపోర్ట్ 265. రెండూ కలిపితే 400, వాడకం ఏమీ మారలేదు. బిల్లు మాత్రం 265లో నుంచి ఎక్స్‌పోర్ట్ 210 తీసేసి 55 యూనిట్లకు వస్తుంది. మీటరు డిస్‌ప్లే మీద ఈ రెండు రీడింగులూ ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపిస్తాయి. బిల్లు వచ్చిన రోజు వాటిని ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత నెల తేడా మీరే సరిచూసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ బిల్లులో ఎక్కకుండా పాత పద్ధతిలో ఇంపోర్ట్‌కే బిల్లు కొట్టిన సందర్భాలు కొత్త మీటరు పెట్టిన మొదటి నెలల్లో ఎదురవుతుంటాయి. ఫొటో ఉంటే సెక్షన్ ఆఫీసులో మాట తేలిగ్గా తెగుతుంది.

బిల్లు పూర్తిగా సున్నా కాదని కూడా ముందే తెలుసుకోవాలి. లోడును బట్టి పడే ఫిక్స్‌డ్ ఛార్జీ సోలార్ ఉన్నా పడుతుంది. పైగా ఇక్కడ చెప్పిన ఆదా ఏడాది సగటు. జులై, ఆగస్టు ముసురులో ఉత్పత్తి తగ్గుతుంది. మే నెలలో ఏసీ వల్ల వాడకం పెరిగి 400 దాటితే అదే ప్యానెల్ 9.75 రూపాయల యూనిట్లను కోస్తుంది.

రోహిణి కార్తెలో ప్యానెల్ గరిష్ఠంగా పనిచేయదు

ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకోవడం సహజం. నిజానికి ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ వెనక రాసి ఉండే 540 వాట్ల లెక్క, లోపలి సెల్ 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటిది. మే నెల మధ్యాహ్నం మన డాబా మీద సెల్ వేడి 60 డిగ్రీలు దాటుతుంది. 25 మీద పెరిగే ప్రతి డిగ్రీకీ మూడోవంతు శాతానికి అటూ ఇటూగా శక్తి తగ్గుతుంది. అంటే ఆ సమయానికి పదోవంతుకు పైగా పోయినట్టే. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడే ఫిబ్రవరి, మార్చి రోజుల్లో ఇన్వర్టర్ చూపించే అంకె మే నెలలో కనిపించకపోతే కంగారుపడవద్దు.

ప్యానెళ్లను డాబాకు అతికించినట్టు పెట్టకుండా కింద గాలి ఆడేలా ఎత్తు మీద నిలబెట్టడానికి ఇదొక కారణం. వడియాలు ఎండబెట్టుకోవడానికీ, బట్టలు ఆరేసుకోవడానికీ చోటు మిగలడం రెండో లాభం.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది

మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, డాబా నిండా ప్యానెళ్లు. వీధిలో కరెంటు పోయింది. మీ ఇంట్లో కూడా పోతుంది. చాలామంది దీన్ని మోసం అనుకుంటారు. ఇది ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. లైన్ తీసి స్తంభం ఎక్కిన లైన్‌మన్ మీద మీ డాబా నుంచి కరెంటు వెనక్కి పారకూడదు. అందుకే గ్రిడ్ పోయిందని గుర్తించగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు చూసి, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే మళ్లీ మొదలవుతుంది.

కోతల్లోనూ వెలుగు కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ పెట్టాలి. దాని ఖర్చు బాగా ఎక్కువ, సబ్సిడీ బ్యాటరీకి వర్తించదు. మీ వీధిలో కోతలు తక్కువైతే, ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీనే ఉంచుకుని సోలార్‌ను విడిగా నడపడం మేలని మా అభిప్రాయం.

సబ్సిడీ 78 వేల దగ్గర ఆగుతుంది, అదీ మీ ఖాతాలోకే వస్తుంది

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తారు. మొత్తం 78 వేలు. ఐదు కిలోవాట్లు పెట్టినా, పది పెట్టినా అంతే.

మన ఇంటికి మూడు కిలోవాట్లకు లక్షా 90 వేలు కొటేషన్ వచ్చిందనుకుందాం. సబ్సిడీ పోను చేతి నుంచి పడేది లక్షా 12 వేలు. నెలకు 2,416 చొప్పున ఇది తిరిగి రావడానికి సుమారు 46 నెలలు, అంటే నాలుగేళ్ల లోపే. ప్యానెళ్ల పనితీరుకు సాధారణంగా ఇచ్చే వారంటీ 25 ఏళ్లు. ఇన్వర్టర్ మాత్రం అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సబ్సిడీ పని అంతా పూర్తయ్యాక వస్తుంది. కాబట్టి ముందు పూర్తి మొత్తం సమకూర్చుకోవాలి. మూడు కిలోవాట్ల వరకు ప్రభుత్వ బ్యాంకులు 2 లక్షల దాకా హామీ లేకుండా అప్పు ఇస్తాయి. వడ్డీ రెపో రేటుతో ముడిపడి ఉంటుంది, అందుకే మామూలు పర్సనల్ లోన్ కంటే బాగా తక్కువ. "సబ్సిడీ మా కంపెనీకి వస్తుంది, మీరు మిగతాది కట్టండి చాలు" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి. సబ్సిడీ జమయ్యేది వినియోగదారుడి బ్యాంకు ఖాతాలోనే.

సబ్సిడీ కావాలంటే ప్యానెల్‌తో పాటు లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదై ఉండాలి. వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. దిగుమతి సెల్‌తో చేసినవి చవక. అందుకే ఒక కొటేషన్ మరోదానికంటే 30, 40 వేలు తక్కువ కనిపిస్తే మొదట అడగాల్సింది డీసీఆరా కాదా అని. ప్రతి ప్యానెల్ మీదా సీరియల్ నంబరు ఉంటుంది. డాబా ఎక్కించే ముందే వాటిని ఫొటో తీసుకుని, డీసీఆర్ సర్టిఫికెట్‌లోని నంబర్లతో ఒక్కొక్కటిగా పోల్చండి. పైన బిగించాక వెనక వైపు నంబర్లు చదవడం కష్టం.

కాగితాలన్నీ ఒక్క పేరు మీద నిలబడతాయి

దరఖాస్తు pmsuryaghar.gov.in లో చేయాలి. కావలసినవి తక్కువే: కరెంటు సర్వీసు నంబరు, ఆధార్, మొబైల్, ఇటీవలి బిల్లు. ఆ తర్వాత నడక ఇలా ఉంటుంది. మీరు నమోదు చేసి దరఖాస్తు పెడతారు. పది కిలోవాట్ల లోపు అయితే విడిగా సాంకేతిక సాధ్యత పరీక్ష అక్కర్లేకుండానే ఆమోదించినట్టు లెక్క. 2024లో మారిన నిబంధన ఇది. సర్వీసు లోడు రెండు కిలోవాట్లే ఉండి మూడు కిలోవాట్ల సోలార్ పెడుతుంటే లోడు పెంచే పని కూడా డిస్కమే చూస్తుంది. పోర్టల్‌లో నమోదైన సంస్థల్లో ఒకదాన్ని మీరు ఎంచుకుని ఒప్పందం రాసుకుంటారు. బిగింపు పూర్తయ్యాక వివరాలు, ఫొటోలు పోర్టల్‌లో ఎక్కుతాయి. డిస్కం వాళ్లు వచ్చి చూసి నెట్ మీటరు పెడతారు. కమిషనింగ్ నివేదిక వచ్చాక మీరు బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఎక్కిస్తారు. సాధారణంగా ఆ తర్వాత 30 రోజుల్లో సబ్సిడీ పడాలి.

చెప్పినంత సాఫీగా జరగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే: పేరు. కరెంటు బిల్లు తాతగారి పేరు మీద ఉంటుంది, ఆధార్ మనవడిది, బ్యాంకు ఖాతా కోడలిది. లేదా బిల్లులో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో వెనకుంటుంది. పని అంతా అయ్యాక, చివరి మెట్టు మీద సబ్సిడీ ఆగిపోయి కూర్చుంటుంది. అందుకని సర్వీసు పేరు మార్చాల్సి ఉంటే సోలార్ దరఖాస్తు కంటే ముందే మార్పించండి. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం లేదా వారసత్వ పత్రాలతో డిస్కం దగ్గర ఆ పని జరుగుతుంది. పెద్దాయన ఉన్నారంటే ఆయన పేరుతోనే దరఖాస్తు పెట్టి, ఆయన ఖాతాకే సబ్సిడీ రప్పించడం ఇంకా సులువు.

పాత బకాయిలు ఏమన్నా ఉంటే అవీ ముందే తీర్చాలి. మొబైల్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి, మాలాంటి వాళ్లది కాదు. ఓటీపీలు, ప్రతి దశ సమాచారం ఆ నంబరుకే వస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్రం వైపు నుంచి అదనపు సాయం కూడా ఉంది. అర్హత సంగతి సెక్షన్ ఆఫీసులో కనుక్కుని ఆ తర్వాతే డబ్బు కట్టండి.

జూన్‌లో కనిపించని నీడ డిసెంబరులో ఉంటుంది

మేం ఇంటికి వచ్చి చూసి, లెక్క వేసి చెప్పడానికి డబ్బు తీసుకోం. ఆర్డరు ఇవ్వకపోయినా సరే. ఈ ఉచిత సందర్శన ఎందుకు పెట్టుకున్నామంటే, ఫోన్‌లో కొలతలు విని చెప్పలేని సంగతి ఒకటుంది. అదే నీడ.

విజయవాడలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ట్యాంకు నీడ దాని కాళ్ల దగ్గరే పడుతుంది. అప్పుడు చూసి డాబా అంతా ఎండే అనుకుంటాం. డిసెంబరు చివర్లో అదే సూర్యుడు దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరడుగుల ఎత్తున్న ట్యాంకు నీడ ఆ పూట ఉత్తరంగా ఐదడుగులు సాగుతుంది. ఉదయం తొమ్మిదికైతే వాయవ్యంగా పదడుగులు. అంటే ట్యాంకుకూ మెట్ల గదికీ ఉత్తరాన ఉన్న చోటు, వేసవిలో ఎంత బాగా కనిపించినా, ప్యానెళ్లకు పనికిరాదు.

ప్యానెళ్లను వరుసగా ఒకే తీగలో కలుపుతారు కాబట్టి ఒకదాని మూల మీద పడ్డ నీడ ఆ ఒక్క మూలకే నష్టం చేసి ఊరుకోదు. సిస్టమ్ మొత్తం ఉత్పత్తి మీద ప్రభావం చూపుతుంది. పక్కింటి కొబ్బరిచెట్టు, డిష్ యాంటెన్నా, డాబా మీదుగా వెళ్లే కేబుల్ టీవీ వైరు కూడా లెక్కలోకి వస్తాయి. దక్షిణం వైపు పక్క స్థలం ఖాళీగా ఉంటే, అక్కడ మరో రెండంతస్తులు లేచే అవకాశం ఉందా అని అడుగుతాం. దాన్ని ఆపడం మన చేతిలో లేదు, కానీ ప్యానెళ్లు ఎటు జరపాలో ఆ జవాబుతో తేలుతుంది.

వచ్చినప్పుడు మేం చూసేది ఇంకా కొంత ఉంది. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. శ్లాబు వయసు, పెచ్చులూడిన చోట్లు, మీటరు బోర్డు నుంచి డాబాకు వైరు వచ్చే దారి, ఎర్తింగ్ గుంతలు తవ్వడానికి నేల ఉందా లేదా, అన్నీ రాసుకుంటాం. కోస్తాలో గాలివానలు తప్పవు కనుక స్టాండు కాళ్లను శ్లాబుకు ఎలా పట్టిస్తామో అక్కడే చూపిస్తాం. డాబా కారుతుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించమంటాం, ఆ తర్వాతే కొటేషన్. మీ ఇంట్లో బోరు నీళ్లేనా అని కూడా అడుగుతాం. ఉప్పు నీటితో కడిగితే అద్దం మీద తెల్లటి పొర కట్టి, దుమ్ము కంటే మొండిగా పట్టుకుంటుంది. మంచినీళ్లతో, ఎండ ఎక్కకముందే కడగాలి.

మీరు సిద్ధం చేసుకోవాల్సింది పన్నెండు నెలల బిల్లులు. ఒక్క మే నెల బిల్లు చూపిస్తే అవసరం కంటే పెద్ద సిస్టమ్ తేలుతుంది, ఒక్క డిసెంబరుది చూపిస్తే చిన్నది తేలుతుంది. కాగితాలు పోయినా పరవాలేదు, సర్వీసు నంబరు ఉంటే డిస్కం వెబ్‌సైట్లో పాత బిల్లులు దొరుకుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానిని కూడా పిలిస్తే మంచిది. దరఖాస్తు ఆయన పేరుతోనే వెళ్లాలి.

సందర్శన అయ్యాక మేం ఇచ్చే కాగితంలో కిలోవాట్ వారీగా ఆదా, ప్యానెల్ రకం, ఇన్వర్టర్ వారంటీ, ఐదేళ్ల నిర్వహణ ఎవరిదన్న సంగతి రాసి ఉంటాయి. దాన్ని పట్టుకుని మరో ఇద్దరు ఇన్‌స్టాలర్లను పిలిపించి ఇవే వివరాలు రాసిమ్మని అడగండి. నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి మూడు కిలోవాట్లు రాసిచ్చినవారెవరైనా ఉంటే, వారు మీ బిల్లులు చూడలేదన్నమాట.